హరితగృహ ప్రభావం, కార్బన్ వలయం: అపోహలు, అసలు ప్రక్రియలు

భూమి ఉష్ణోగ్రతను లెక్కించడానికి ముందుగా వాతావరణం లేదనుకుందాం. సూర్యుని నుంచి భూమి ఉన్న దూరంలో చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల శక్తి అందుతుంది. గోళాకారం కారణంగా ఉపరితలమంతటికీ సర్దితే అందులో నాలుగో వంతే దక్కుతుంది. దానిలోనూ దాదాపు 30 శాతాన్ని మేఘాలు, మంచు, ఎడారులు వెనక్కి పంపేయగా మిగిలేది సుమారు 240 వాట్లు. అంతే శక్తిని తిరిగి వెలువరించాలంటే భూమి సగటు ఉష్ణోగ్రత -18 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు. నేల మీద వాస్తవంగా ఉన్నది సుమారు 15 డిగ్రీలు. ఈ 33 డిగ్రీల తేడాయే సహజ హరితగృహ ప్రభావం. అది లేకపోతే సముద్రాలు గడ్డకట్టేవి కాబట్టి, ఈ ప్రభావమే కీడు అనుకోవడం మొదటి అపోహ.

హరితగృహం అనే పేరుకు మూలమైన గాజు గది వేడెక్కేది ప్రధానంగా లోపలి వేడి గాలి పైకి లేచి వెళ్లిపోకుండా గాజు అడ్డుకోవడం వల్ల. వాతావరణంలో గాలి పైకి లేవడానికి ఏ అడ్డూ లేదు. ఇక్కడ పని చేసేది నేల వెలువరించే పరారుణ కిరణాల శోషణ. పొడి గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఆ కిరణాలను దాదాపు పట్టించుకోవు. కార్బన్ డయాక్సైడ్ అణువు మాత్రం వంగుతూ కంపిస్తూ 15 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే భూమి బలంగా వికిరణం చేసే ప్రాంతంలోనే, వాటిని పీల్చుకుంటుంది. యూనిస్ ఫుట్ 1856లో ఈ వాయువున్న గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కడం గమనించారు. జాన్ టిండాల్ 1859లో వాయువుల పరారుణ శోషణను కొలిచారు. కనుక ‘0.04 శాతం వాయువు ఏం చేయగలదు’ అనే ప్రశ్నకు సమాధానం నిష్పత్తిలో లేదు. మిగతా గాలి ఆ కిరణాలకు పారదర్శకం కావడంలో ఉంది.

ఇంతకన్నా పదునైన అభ్యంతరం ఒకటుంది: 15 మైక్రోమీటర్ల దగ్గర శోషణ ఇప్పటికే సంపూర్ణమైంది గనుక ఇంకా వాయువు చేర్చినా తేడా ఉండదని. విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే. నేల నుంచి బయలుదేరిన వికిరణం నేరుగా అంతరిక్షానికి చేరదు. పొరలు పొరలుగా శోషణ చెందుతూ, మళ్లీ వెలువడుతూ, గాలి తగినంత పలచబడిన ఎత్తు నుంచే బయటపడుతుంది. సగటున ఆ ఎత్తు సుమారు 5 కిలోమీటర్లు. వాతావరణపు కింది పొరైన ట్రోపో ఆవరణంలో కిలోమీటరుకు దాదాపు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కనుక అక్కడ -18 డిగ్రీలుండటం యాదృచ్ఛికం కాదు. వాయువు పెరిగితే ఆ ఎత్తు ఇంకా పైకి, మరింత చల్లని గాలిలోకి జరుగుతుంది. చల్లని పొర తక్కువ శక్తిని పంపుతుంది. లోటు పూడేదాకా కింది గాలీ నేలా వేడెక్కుతాయి. వాయువు పెరిగితే పైనున్న స్ట్రాటో ఆవరణం మాత్రం చల్లబడాలి, అలాగే చల్లబడుతోంది. సూర్యుడి తీవ్రతే పెరిగి ఉంటే అదీ వేడెక్కాల్సింది.

నీటి ఆవిరి మరింత బలమైన హరితగృహ వాయువే. అయితే అది రోజుల్లోనే వానగా కురిసిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కాబట్టి అది వేడెక్కడాన్ని పెంచుతుందే తప్ప మొదలుపెట్టదు. ఓజోన్ రంధ్రం వేరే సమస్య. జవాబు పత్రాల్లో రెంటినీ కలపవద్దు.

ఇక కార్బన్ వలయం. మొక్కలు, నేల, సముద్రం ఏటా గాలితో ఇచ్చిపుచ్చుకునే కార్బన్ మన ఉద్గారాలకన్నా అనేక రెట్లు ఎక్కువ. దీన్ని చూపి మానవుల వాటా స్వల్పమనడం ఖాతాలో జమను మాత్రమే చూసి ఖర్చును వదిలేయడం లాంటిది. ప్రకృతి ఎంత ఇస్తుందో అంతకన్నా ఎక్కువే తీసుకుంటోంది: శిలాజ ఇంధనాల నుంచి ఏటా సుమారు 1000 కోట్ల టన్నుల కార్బన్ వెలువడుతుంటే, అడవుల నరికివేతతో కలిపిన మొత్తంలో సగానికి కాస్త తక్కువే గాలిలో మిగులుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలు, అంటే 280 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఒక పీపీఎం అంటే 213 కోట్ల టన్నుల కార్బన్ కనుక, పెరుగుదల దాదాపు 30,000 కోట్ల టన్నులు.

ఈ అదనపు కార్బన్ అగ్నిపర్వతాల నుంచి వచ్చి ఉంటే గాలిలో ఆక్సిజన్ తగ్గేది కాదు, కానీ తగ్గుతోంది. సముద్రం నుంచి వచ్చి ఉంటే సముద్రంలో కార్బన్ తరగాలి, కానీ పెరిగి నీటి ఆమ్లత్వం హెచ్చుతోంది. పైగా కార్బన్‌లో బరువైన రూపమైన కార్బన్-13ను మొక్కలు తక్కువగా తీసుకుంటాయి గనుక, గాలిలో దాని వాటా తగ్గడం మొక్కల మూలాన్ని, అంటే బొగ్గు, చమురులను సూచిస్తుంది.

మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే తిన్న అన్నంలోని కార్బన్‌ను వరి మొక్క కొన్ని నెలల క్రితం గాలి నుంచే తీసుకుంది. అదే వరి గోదావరి డెల్టాలో నీళ్లు నిలిచిన మడిలో ఉన్నప్పుడు, ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు ఆ కార్బన్‌లో కొంత భాగాన్ని మీథేన్‌గా మారుస్తాయి. కార్బన్ గాలి నుంచి వచ్చిందే అయినా, అణువుకు అణువుగా కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు బలంగా పరారుణ కిరణాలను పీల్చే రూపంలో తిరిగి వెళుతుంది కనుక ఇది లెక్కలోకి వస్తుంది. పొలాన్ని మధ్యమధ్యలో ఆరబెట్టి నీరు పెట్టే పద్ధతిలో బురదకు ఆక్సిజన్ అంది ఈ ఉద్గారం తగ్గుతుంది.