సర్వపిండి: రెండు షార్ట్‌ల షూటింగ్ స్క్రిప్ట్

తమ్మీ, ఆదివారం పొద్దున 9 గంటలకు హన్మకొండ ఇంట్లనే తీద్దాం. వంటింటి కిటికీల నుంచి అప్పుడే మంచి వెలుగు వస్తది, 11 దాటితే గట్టు మీద నీడ పడ్తది. చేతులు అమ్మవి, గొంతు నాది, కెమెరా ఎడిటింగ్ నీవి.

పోయినసారి సకినాల వీడియోల ఒక్క ఫ్రేముల ఎనిమిది కొలతలు పెట్టినం. కరీంనగర్ పెద్దమ్మ రెండుసార్లు చూసి కూడా ఫోన్ చేసి "వాము ఎంతనే?" అని అడిగింది. వాము లెక్క తెర మీద ఉండె. కానీ ఆమె కండ్లు అమ్మ వేళ్ల మీద ఉన్నయి, ఉండాల్సింది కూడా అక్కడనే. అందుకని ఈసారి చెయ్యి దేన్ని ముట్టుకుంటే దాని కొలత ఒక్కటే కనబడాలె, అది గిన్నెల పడంగనే మాయం కావాలె. కంటికి కనబడేది మళ్ల రాయకు. "బాగా కలపండి" అని పెట్టకు, కలుపుడు కనబడ్తనే ఉంటది. మనం రాయాల్సింది కనబడనిదే: ఎంత, ఎంతసేపు, ఎంత మంట.

ఫోన్ నిలువుగ, స్టాండు మీద, అమ్మ భుజం మీంచి కొద్దిగ వంచి పెట్టు. పళ్లెం ఫ్రేముల కింది సగానికి జర పైకి రావాలె, ఎందుకంటే అడుగున ఛానల్ పేరు, టైటిల్ వచ్చి కూసుంటయి, కుడి దిక్కు లైకు బటన్లు ఉంటయి. పైన నల్లటి గట్టు ఖాళీగ కనబడాలె. అక్షరాలు అక్కడనే, ఎడమకు జరిపి, రెండు వీడియోలల్ల ఒకే చోట. బియ్యప్పిండి తెల్లగుంటది, దాని మీద తెల్ల అక్షరం కలిసిపోతది, కాబట్టి అక్షరం పిండి మీదికి దిగొద్దు. అంకె పెద్దగ, పేరు దాని కింద చిన్నగ. అక్షరం చుట్టూ మందం గీత పెట్టకు, "నువ్వులు" కింద వత్తు పూడుకపోతది. పలుచటి నీడ చాలు. అక్షరాలు ఎగురుడు, తిరుగుడు వద్దు. రావాలె, ఉండాలె, పోవాలె.

మొదటి షార్ట్: పిండి కలుపుడు, 48 సెకండ్లు

0–3 సెకండ్లు. అమ్మ కాలిన సర్వపిండిని రెండుగ విరుస్తది. ఎర్రటి అడుగు కెమెరా దిక్కు. విరిగిన చప్పుడు వినబడాలె, మ్యూజిక్ వద్దు.
తెర మీద: సర్వపిండి / 3 అయితయి
గొంతు: "గంజుల కాల్చే సర్వపిండి. ముందు పిండి కలుపుదాం."

3–7. పిండి పళ్లెంల పడుడు. గ్లాసు ఫ్రేముల పూర్తిగ కనబడాలె.
తెర మీద: 2 గ్లాసులు / బియ్యప్పిండి
గొంతు: "గిర్నిల పట్టించిన పొడి పిండి. నీళ్లకు గూడ ఇదే గ్లాసు."

7–10. శనగపప్పు.
తెర మీద: 2 పెద్ద చెంచాలు / శనగపప్పు, 1 గంట నానింది
గొంతు: "గోరుతో గిచ్చితే తెగాలె."
ఇది ఒక్కటే పొడుగు లైను. నానిన సంగతి చూస్తే తెలుస్తది గానీ గంట అన్నది తెలువదు, అందుకే ఉంచిన.

10–13. పల్లీలు.
తెర మీద: 3 పెద్ద చెంచాలు / పల్లీలు
గొంతు: "వేయించి, కచ్చాపచ్చ దంచినవి."

13–15. నువ్వులు. నేను మాట్లాడ, గింజలు రాలే చప్పుడు ఉండనీ.
తెర మీద: 2 పెద్ద చెంచాలు / నువ్వులు

15–19. చిన్న రోలుల ఎల్లిపాయ, జీలకర్ర. రెండూ ఒక్కసారి దంచుతది గానీ వేసేది ఒకటి తర్వాత ఒకటి, కాబట్టి అక్షరాలు కూడా అట్లనే మారాలె.
తెర మీద: 6 రెబ్బలు / ఎల్లిపాయ, పోయినంక అర చిన్న చెంచా / జీలకర్ర
గొంతు: "మెత్తగ నూరొద్దు. నలిగితే చాలు."

19–23. కారం, ఉప్పు. ఒక్కోటి రెండు సెకండ్లు.
తెర మీద: 1½ చిన్న చెంచా / కారం, తర్వాత 1 చిన్న చెంచా / ఉప్పు
ఇక్కడ తొందరపడకు. వంట చెడేది ఈ రెండింటితోనే. చెంచా నిండుగ ఉన్నదా, తలగొట్టినదా అన్నది కనబడాలె. అమ్మకు చెప్పిన, వేలితో తలగొట్టి వేస్తది.

23–27. సన్నగ తరిగిన ఉల్లిగడ్డ, కల్యామాకు, కొత్తిమీర.
తెర మీద: 1 / ఉల్లిగడ్డ
ఆకులకు అక్షరాలు వద్దు. గుప్పెడు అన్నది అమ్మ గుప్పిటల్నే కనబడ్తది.

27–42. నీళ్లు. పదిహేను సెకండ్లు, ఒకటే షాట్, కట్ లేదు. మొత్తం వీడియోల ఇదే ముఖ్యం. చాలామందికి సర్వపిండి చెడేది ఇక్కడనే.
తెర మీద, 27 నుంచి 31 దాక: ముప్పావు గ్లాసు / నీళ్లు. తర్వాత ఖాళీ. 38 దగ్గర అమ్మ మళ్ల చెయ్యి చల్లుతది, అప్పుడు: ఇంకో 2 పెద్ద చెంచాలు
గొంతు: "ముప్పావు గ్లాసు పోసి ఆగాలె. ఉల్లిగడ్డ నీరు విడుస్తది. చపాతి పిండి లెక్క గట్టిగ వద్దు. వేలితో ఒత్తితే గుంట పడాలె, అంచు పగులొద్దు. పగిలిందా, ఇంకో రెండు చెంచాలు."
అంచు పగిలే ముక్క దగ్గర్నుంచి తియ్యి. అమ్మను మొదట కావాలనే గట్టిగ కలపమని చెప్పిన, పగిలేది చూపించాలె గదా. అక్కడ బాణం గుర్తు, గుండ్రం గీత ఏమీ పెట్టకు. పగులు మీద వేలు ఉంటది, చాలు.

42–48. మూడు ముద్దలు, మీద తడిబట్ట.
తెర మీద: 10 నిమిషాలు
గొంతు: "తడిబట్ట కప్పి పక్కకు పెట్టాలె. గంజుల ఒత్తుడు రెండో వీడియోల."

రెండో షార్ట్: ఒత్తుడు, కాల్చుడు, 58 సెకండ్లు

0–4. ఖాళీ గంజు, అమ్మ అరచెయ్యి అడుగున పెట్టి చూస్తది. ఇక్కడ నా గొంతు లేదు, అమ్మ మాటే: "గంజు సల్లగ ఉన్నప్పుడే ఒత్తాలె బిడ్డా."
తెర మీద: స్టవ్ బంద్
అమ్మ ఈ మాట పట్టిచ్చి చెప్పించుకున్నట్టు ఉండొద్దు. రోజూ నాకు చెప్పేదే, రికార్డింగ్ పెట్టి నువ్వు ఊకో, తనంతట తను అంటది.

4–8. నూనె, వేళ్లతో అడుగంతా, అంచుల దాక.
తెర మీద: 1 పెద్ద చెంచా / నూనె

8–22. ముద్ద పెట్టి తడిచేత్తో ఒత్తుడు, నడుమ నుంచి అంచుకు. పైనుంచి నిటారుగ తియ్యి, లేకుంటే గంజు లోపల ఏం కనబడదు.
తెర మీద, 15 నుంచి 18 దాక మాత్రమే: గాజు మందం
గొంతు: "వేడి గంజుల పెడితే పిండి అడుగు తాకంగనే ఉడికి పట్టుకుంటది. ఇగ జరగదు, చేతికి అంటుకొని చినుగుతది. చెయ్యి గూడ కాల్తది. సల్లటి గంజుల అయితే ఎంత పలుచగ కావాలంటే అంత. అంతటా ఒకే మందం ఉండాలె."
సెంటీమీటర్లు రాయొద్దు తమ్మీ. అమ్మ చేతికి గాజు ఉండనే ఉంటది, అదే కొలత.

22–27. వేలితో రంధ్రాలు, వాటిల నూనె.
తెర మీద: 1 చిన్న చెంచా / నూనె
గొంతు: "రంధ్రాల నుంచి ఆవిరి బయటికి పోతది, నూనె అడుగుకు పోతది."
ఎన్ని రంధ్రాలో రాయకు, లెక్కపెట్టుకునేటట్టు కనబడ్తయి.

27–34. మూత పెట్టి స్టవ్ మీద. ముందు మంట దగ్గర్నుంచి, తర్వాత మూత.
తెర మీద: చిన్న మంట / 10–12 నిమిషాలు
ఈ అక్షరాలు ఏడు సెకండ్లు కదలకుండ ఉండాలె. ఆగి రాసుకునేటోళ్లు ఇక్కడనే ఆగుతరు. పక్కన తిరిగే టైమర్ పెట్టకు, రెండు అంకెలు కనబడితే ఏది చూడాల్నో తెలువదు.
గొంతు: "మంట పెంచితే అడుగు మాడ్తది, మీద పచ్చిగ ఉంటది."

34–40. మూత తియ్యంగనే ఆవిరి. అంచు తనంతట తను గంజును విడుస్తది. అట్లకాడతో లేపి పళ్లెంల బోర్లిస్తే ఎర్రటి అడుగు.
తెర మీద: తిప్పి కాల్చొద్దు
చెయ్యని పని కెమెరాకు దొరకదు, అందుకే రాసుడు.
గొంతు: "అంచు విడిస్తే అయినట్టే. పట్టుకొని ఉంటే ఇంకో రెండు నిమిషాలు."

40–54. రెండో ముద్ద. అమ్మ గంజును నల్లా కింద పెట్టి అడుగు తడుపుతది, చుయ్‌మని ఆవిరి లేస్తది. ఆ చప్పుడు పూర్తిగ ఉంచు. తర్వాత బట్టతో తుడుస్తది, అరచెయ్యి పెట్టి చూస్తది.
తెర మీద: రెండోదానికి ముందు / గంజు సల్లారాలె
గొంతు: "మొదటిది మంచిగ వచ్చి రెండోది చెడుడు ఇందుకే. ఈ పల్చటి గంజు నల్లా కింద పెట్టొచ్చు. బీడు ఇనుముది, నాన్‌స్టిక్‌ది అయితే నీళ్లు పోయొద్దు, పగులుతది, వంగుతది. పక్కన పెట్టి సల్లారనీయాలె. రెండు గంజులు ఉంటే ఒకటి కాలేలోపు ఒకటి సల్లారుతది."
ఇందుల సగం మాట నల్లా షాట్ మీద, సగం తుడిచే షాట్ మీద రావాలె. మాట మొత్తాన్ని అక్షరాలుగ తెర మీద నింపకు. చప్పుడు లేకుండ చూసేటోళ్ల కోసం సబ్‌టైటిళ్లు వేరే ఫైలుగ ఎక్కిద్దాం, కావాల్సినోళ్లు పెట్టుకుంటరు. నేను టైపు చేసి శనివారం పంపుత.

54–58. పళ్లెంల మూడు సర్వపిండులు, పక్కన పెరుగు గిన్నె. అమ్మ ఒకటి తుంపుతది. తెర మీద ఏమీ లేదు, సబ్‌స్క్రైబ్ బొమ్మ కూడా లేదు.

రెండు వీడియోల కింద పెట్టే వివరణ

మా దిక్కు సర్వపిండి అంటం, కొందరిళ్లల్ల సర్వప్ప, గిన్నప్ప అని కూడా అంటరు. గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5. మూడింటికి సరిపోయే కొలతలు: బియ్యప్పిండి 2 గ్లాసులు, గంట నానబెట్టిన శనగపప్పు 2 పెద్ద చెంచాలు, వేయించి దంచిన పల్లీలు 3 పెద్ద చెంచాలు, నువ్వులు 2 పెద్ద చెంచాలు, ఎల్లిపాయ 6 రెబ్బలు, జీలకర్ర అర చిన్న చెంచా, కారం 1½ చిన్న చెంచా, ఉప్పు 1 చిన్న చెంచా, ఉల్లిగడ్డ 1, కల్యామాకు, కొత్తిమీర ఒక్కో గుప్పెడు. నీళ్లు ముప్పావు గ్లాసుతో మొదలుపెట్టి, ఒక గ్లాసు దాక పట్టొచ్చు. నూనె ఒక్కోదానికి అడుగున 1 పెద్ద చెంచా, రంధ్రాలల్ల 1 చిన్న చెంచా. పిల్లలకు చేస్తే కారం 1 చిన్న చెంచాకు తగ్గించండి. ప్యాకెట్ పిండి అయితే బాగ పొడిగ ఉండి నీళ్లు ఎక్కువ తాగుతది. కలిపిన పది నిమిషాలకు మళ్ల వేలితో ఒత్తి చూసి, అంచు పగిలితే ఒక చెంచాడు నీళ్లు కలపండి.