డేటా నిర్వహణ ప్రణాళిక: కళ్యాణదుర్గం ప్రాంతంలో బోర్లు ఎండిన కుటుంబాల నీళ్లు, అప్పుల లెక్క

ఎం.ఏ. గ్రామీణాభివృద్ధి, చివరి సంవత్సరం ప్రాజెక్టు, అనంతపురం. క్షేత్రపని 2026 నవంబరు నుంచి 2027 జనవరి వరకు. వైవా 2027 మే నెలలో. చెనిక్కాయ కోత అయి, రైతులు కాస్త తీరిగ్గా కూర్చునే కాలం కాబట్టే నవంబరులో మొదలుపెడుతున్నాను. ఈ ప్రణాళికను గైడుగారు చదివి ఒప్పుకున్నాకే మొదటి ఇంటర్వ్యూ ఉంటుంది.

ఏం సేకరిస్తాను

మూడు ఊళ్లలో 36 కుటుంబాలతో మాట్లాడతాను. ఒక్కో ఇంటికి సుమారు గంట ఆడియో, దాన్ని రాసుకున్న పాఠం, ఒక ఎక్సెల్ పట్టిక వస్తాయి. ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతు, ఎన్ని ఎండిపోయాయి, అప్పు ఎక్కడ తెచ్చారు, ఎవరైనా బెంగళూరుకు పనికి వెళ్లారా అన్నవి పట్టికలో ఉంటాయి. 64 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే గంటకు 30 ఎంబీ లోపే కాబట్టి ఆడియో అంతా కలిపి దాదాపు 1 జీబీ. నిల్వకు చోటు చాలదన్న సమస్య లేదు.

ఫొటోలు తీయను. ఎండిన బోరు ఫొటో ప్రాజెక్టు రిపోర్టుకు అందంగానే ఉంటుంది కానీ, ఫోన్ తీసే ఫొటోలో లొకేషన్ కూడా దాగి ఉంటుంది. దాన్ని తొలగించినా, ఆ చేను ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఆధార్, పాస్‌బుక్, 1బి, అడంగల్ నకళ్లు అడగను. ఎవరైనా తామే తెచ్చి చూపిస్తే చూసి తిరిగి ఇచ్చేస్తాను.

అనుమతి పత్రం

తెలుగులో చదివి వినిపిస్తాను. సంతకం చేయలేనివాళ్లు వేలిముద్ర వేయవచ్చు, లేదా నోటిమాటగా ఒప్పుకోవచ్చు. నోటి అనుమతిలో పేరు వస్తుంది కాబట్టి దాన్ని వేరే ఫైలుగా రికార్డు చేస్తాను, ఇంటర్వ్యూ ఆడియోతో కలపను. 2027 ఫిబ్రవరి 28 లోపు ఎవరైనా వద్దంటే వాళ్ల ఆడియో, పాఠం, పట్టికలోని వరుస మూడూ తీసేస్తాను. ఆ తేదీ తర్వాత ఏ వరుస ఎవరిదో చెప్పే పుస్తకమే ఉండదు, కాబట్టి తీయడం కుదరదు. ఈ మాట అనుమతి సమయంలోనే చెబుతాను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు చూసుకుని ఇక్కడ జాగ్రత్తలు తగ్గించడం లేదు.

నిల్వ

రికార్డింగ్ కోసం విడిగా ఒక ఫోన్, సిమ్ లేకుండా, ఆటో అప్‌లోడ్ ఆపేసి వాడతాను. ఏ రోజు ఆడియో ఆ రోజు రాత్రే ల్యాప్‌టాప్‌లోని వెరాక్రిప్ట్ గుప్త డ్రైవులోకి వెళ్తుంది. కాపీ సరిగ్గా వచ్చిందని చూసుకున్నాకే ఫోన్‌లోది తీసేస్తాను. కాపీని అలా చూడటానికి విండోస్‌లో ఉన్నదే చాలు:

```
certutil -hashfile P17_a.m4a SHA256
```

కేబుల్‌తో కలిపిన ఫోన్‌లోని ఫైలు మీద ఈ ఆదేశం నేరుగా పనిచేయదు. కాబట్టి మూల ఫైలుకు ఫోన్‌లోనే SHA256 లెక్కించే యాప్, కాపీకి ఈ ఆదేశం ఒకే అక్షరాల వరుస చూపిస్తే కాపీ సరైనదే. వాట్సాప్‌లో ఏ ఫైలూ పంపను, నాకు నేను పంపుకోవడం కూడా లేదు.

ఫైలు పేరులో ఊరి పేరు గానీ, తేదీ గానీ ఉండవు. నేను ఏ రోజు ఎవరి ఇంటికి వెళ్లానో ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లంతా చూస్తారు. తేదీ తెలిస్తే పేరు తెలిసినట్టే. అందుకే `P17_a` అంటే ఆడియో, `P17_t` అంటే పాఠం, అంతే. ఏ సంఖ్య ఎవరిదన్నది ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసి, మా విభాగంలో గైడుగారి బీరువాలో పెడతాను. దాన్ని కంప్యూటర్లో ఎక్కించను.

బ్యాకప్

మూడు కాపీలు. ఒకటి ల్యాప్‌టాప్‌లో. రెండోది బయటి హార్డ్ డిస్క్‌లో. అది హాస్టల్లో కాకుండా కడపలో మా ఇంట్లో ఉంటుంది, నెలకోసారి ఇంటికి వెళ్లినప్పుడు తాజా చేస్తాను. మూడోది విశ్వవిద్యాలయం ఇచ్చిన క్లౌడ్ ఖాతాలో, ప్రతి ఆదివారం, పాస్‌వర్డుతో బిగించిన 7z ఫైలుగా. పేర్లు ఉన్న నోటి అనుమతి ఫైళ్లు క్లౌడ్‌కు వెళ్లవు.

బ్యాకప్ ఉందన్న ధైర్యం ఒక్కటే చాలదు. నెలకోసారి క్లౌడ్‌లోని ఫైలు దించి, ఏదో ఒక ఆడియో తెరిచి విని చూస్తాను. పాస్‌వర్డు కాగితం మీద రాసి, సీలు వేసిన కవరులో గైడుగారికి ఇస్తాను. నాకేమైనా అయితే పని ఆగకూడదు.

గుర్తులు తీసేసిన ఫైళ్లు

అసలు టెన్షన్ ఇక్కడే. పేరు కొట్టేస్తే సరిపోతుందని అనుకుంటాం గానీ, చిన్న ఊళ్లో పేరు లేకుండానే మనిషి దొరికిపోతాడు. ఒక మాట ఎలా ఉండొచ్చో ఊహించి రాస్తున్నాను:

అన్న మాట: “మూడో బోరు 740 అడుగులు పోయింది, దుమ్మే లేసింది. గుడి పక్కన ఎరువుల అంగడాయన దగ్గర రెండు లక్షలు తెచ్చింటి. మా తమ్ముడు సర్పంచు కదా, ఆయన పూచీ పడె.”

పంచే పాఠం: “ఇంకో బోరు [700 అడుగులు పైన] పోయింది, దుమ్మే లేసింది. [ఎరువుల వ్యాపారి] దగ్గర [లక్ష–మూడు లక్షలు] తెచ్చింటి. [బంధువు] పూచీ పడె.”

ఒక్క పేరూ లేని మొదటి మాటలో మనిషిని పట్టిచ్చేవి ఐదున్నాయి: ఎన్నో బోరు, బోరు లోతు, అంగడి ఉన్న చోటు, అప్పు మొత్తం, తమ్ముడి పదవి. వయసు పదేళ్ల వర్గంగా, పొలం ఐదెకరాల లోపు లేదా పైన అని మారుస్తాను. ఊళ్లకు అ, ఆ, ఇ అనే గుర్తులు. పట్టికలో వరుసల క్రమం కూడా కలగలిపేస్తాను. ఏదైనా వర్గంలో ఐదు కంటే తక్కువ కుటుంబాలు మిగిలితే పక్క వర్గంలో కలిపేస్తాను. దీనివల్ల కొంత వివరం పోతుంది. ప్రాజెక్టుకు కావలసింది ధోరణి కాబట్టి పోనీ. మాట తీరు మాత్రం మార్చను. “తెచ్చింటి”ని “తెచ్చాను” చేస్తే అది వాళ్ల మాట కాకుండా పోతుంది.

రైతు ఆత్మహత్య జరిగిన ఇళ్ల విషయం వేరు. పత్రికల్లో పేర్లు వచ్చి ఉంటాయి కాబట్టి ఎంత మార్చినా గుర్తుపట్టవచ్చు. ఆ ప్రశ్న నేను అడగను. వాళ్లే చెప్పుకుంటే వింటాను. ఆ భాగం పంచే పాఠంలోకి గానీ, రిపోర్టులోకి గానీ రాదు.

గుర్తులు తీసిన ప్రతి పాఠాన్నీ, ఆ ఊళ్లు తెలిసిన గైడుగారు ఒకసారి చదువుతారు. ఎవరో ఆయన ఊహించగలిగితే అది నాకు తిరిగి వస్తుంది. గొంతును మార్చినా నమ్మకం లేదు, కాబట్టి ఆడియో ఎవరికీ ఇవ్వను.

తొలగింపు

పేర్ల పుస్తకాన్ని 2027 మార్చి 1న గైడుగారి ఎదుట చించి కాల్చేస్తాను. ఆడియో, మార్పులు చేయని పాఠాలు వైవా అయ్యాక, 2027 ఆగస్టు 31న పోతాయి. మూడు నెలల గడువు దిద్దుబాట్లు అడిగితే చూసుకోవడానికి. అనుమతి పత్రాలు, నోటి అనుమతి ఫైళ్లు 2028 మే దాకా బీరువాలో ఉండి, తర్వాత నాశనమవుతాయి.

డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే పని అయిపోదు. ఎస్ఎస్‌డీలో, పెన్‌డ్రైవులో పాత సమాచారం మీద మళ్లీ రాయించినా అది అదే చోట పడుతుందన్న గ్యారంటీ లేదు. మొదటి నుంచీ గుప్త డ్రైవులోనే ఉంచడానికి ఇదొక కారణం: డ్రైవు ఫైలు తీసేసి, పాస్‌వర్డు కవరు కూడా చించేస్తే మిగిలిన ముక్కలు ఎవరికీ అక్కరకు రావు. క్లౌడ్‌లో ట్రాష్, పాత వెర్షన్లు కూడా ఖాళీ చేస్తాను. రికార్డింగ్ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తాను. కడపలోని హార్డ్ డిస్క్‌ను మరిచిపోయే అవకాశం ఎక్కువ, కాబట్టి దాన్ని ముందే అనంతపురం తెచ్చి, మిగతావాటితో పాటే చేస్తాను.

ఏ ఫైళ్లు ఏ తేదీన పోయాయో ఒక పేజీ రాసి, ఇద్దరం సంతకం పెడతాం. గుర్తులు తీసిన పాఠాలు, పట్టిక 2032 మే వరకు విభాగంలో ఉంటాయి. నేను వెళ్లిపోయాక వాటి బాధ్యత గైడుగారిది. రిపోర్టులో అచ్చయిన మాటలను వెనక్కి తీసుకోలేం కాబట్టి, అచ్చుకు వెళ్లే ప్రతి మాటనూ ఫిబ్రవరి నెలాఖరులోపు చెప్పినవాళ్లకు చదివి వినిపిస్తాను.