సరళ గారి ఆరోగ్యం, పనిలో చేయవలసిన కొన్ని మార్పుల గురించి

మేనేజర్ గారికి,

నమస్కారం.

స్టాకు విభాగంలో నాతో కలిసి పనిచేస్తున్న సరళ గారి గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆమెకు మూర్ఛ వ్యాధి ఉన్నట్లు పోయిన వారం న్యూరాలజిస్టు నిర్ధారించారు. ఈ సంగతి మీకు తెలియజేయమని నన్ను అడిగింది ఆమే. తానే రాద్దామని రెండుసార్లు కూర్చున్నారట. రెండుసార్లూ అది క్షమాపణ పత్రంలా తయారవుతోందని చింపేశారు. ఈ లేఖను ఆమె చదివారు, నేను రాసిన రెండు వాక్యాలు కొట్టేశారు, ఆ తరువాతే పంపమన్నారు. డాక్టరు గారు ఇచ్చిన పత్రం నకలును కూడా దీనికి జతచేశాను.

మూడు వారాల క్రితం గోడౌనులో ఆమె పడిపోయిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఖాళీ కడుపుతో పనిచేసి కళ్లు తిరిగి పడిపోయారని ఆ రోజు అందరం అనుకున్నాం, మీకూ అదే చెప్పాం. సొమ్మసిల్లడాన్నీ ఈ వ్యాధినీ ఒకే మాటతో ‘మూర్ఛ’ అనడం మనకు అలవాటు, ఆ అలవాటు మమ్మల్ని కొంత తప్పుదారి పట్టించింది. ఆమెకు వచ్చింది సొమ్మ కాదు, ఫిట్స్. ఒళ్లు బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. రెండు నిమిషాల లోపే ఆగిపోయింది కానీ తానెక్కడ ఉన్నారో ఆమెకు తెలియడానికి అరగంట పట్టింది. అయిదు నెలల క్రితం ఇంట్లో నిద్రలోనూ ఇలాంటిదే వచ్చిందని, తెల్లవారి లేచేసరికి నాలుక కొరుక్కుని ఉందని, పీడకల అనుకుని వదిలేశామని ఆమె డాక్టరుకు చెప్పారు. బయటి కారణమేదీ లేకుండా, ఒక రోజుకు మించిన ఎడంతో రెండుసార్లు ఫిట్స్ వస్తే దాన్ని మూర్ఛ వ్యాధిగా పరిగణిస్తారు. ఎంఆర్‌ఐలో ఏ లోపమూ కనిపించలేదు. మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో మాత్రం ఎడమ కణత వైపు నుంచి అసాధారణమైన సంకేతాలు కనిపించాయి. ఎందుకు వచ్చిందంటే జవాబు లేదు. ప్రపంచంలో ఈ వ్యాధి ఉన్న సుమారు 5 కోట్ల మందిలో దాదాపు సగం మందికి కారణం తెలియనే తెలియదు.

మీకు ముఖ్యంగా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. పడిపోయే ఫిట్స్ ఈమెకు వచ్చినవి రెండే. పడిపోనివి చాలా వచ్చాయి. వాటిని మనం ఎవరమూ గుర్తించలేదు. ఉన్నట్టుండి మాట ఆగిపోయి, చూపు ఒకచోట నిలిచిపోయి, పెదవులు చప్పరిస్తూ, చీర కొంగును వేళ్లతో నలుపుతూ ఒక అర నిమిషం, నిమిషం ఉండిపోతారు. ఆ సమయంలో పిలిచినా పలకరు. తరువాత అడిగితే అలా జరిగినట్టే ఆమెకు తెలియదు. మెదడులో ఒక భాగంలో మొదలై అక్కడికే పరిమితమయ్యే ఫిట్స్ ఇలా ఉంటాయని డాక్టరు గారు వివరించారు. రెండు నెలల క్రితం స్టాకు సమీక్షలో మీరు అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. సమావేశంలో శ్రద్ధ లేదని ఆమెకు ఒక మెమో వచ్చింది. ఆ తరువాత నేను పాత రిజిస్టర్లు తిరగేశాను. నాలుగు చోట్ల అంకెలు వరుసగా వచ్చి, మధ్యలో గీత కిందికి జారి, రెండు మూడు గళ్లు వదిలి మళ్లీ చక్కగా మొదలయ్యాయి. అవి చూసినప్పుడు కలిగిన బాధ ఈ లేఖలో రాయదగినది కాదు. మెమో ఇచ్చినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, పక్క బల్ల దగ్గర కూర్చునే నేనే ‘మళ్లీ పరధ్యానమా’ అని నవ్వేవాడిని. ఆ మెమోను ఆమె ఫైలు నుంచి తీసివేయవలసిందిగా కోరుతున్నాను. ఈ లేఖలో అన్నిటికంటే ముందు అడిగేది అదే.

మందులు మొదలయ్యాయి. ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి వేసుకోవాలి. మోతాదును ఆరు వారాల్లో మెల్లగా పెంచుతారు. ఈ కాలంలో కొంత మగత, తల తిరుగుడు ఉండవచ్చు, తెలిసిన మాట కూడా నోటికి వెంటనే రాకపోవచ్చు, చిరాకు కూడా ఉండవచ్చు. కాబట్టి ఈ నెలన్నరలో ఆమె పని తీరును చూసి ఎవరూ ఒక నిర్ణయానికి రాకుండా ఉంటే మంచిది. సరైన మందులు అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరళ గారు ఆ 70 మందిలో ఉంటారో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. మూడు నెలల తరువాత జరిగే పరీక్షలో కొంత తెలుస్తుంది.

ఇక పని సంగతి. ఆమె చేసే పనిలో ఎక్కువ భాగం లెక్కలు, కంప్యూటర్, సరఫరాదారులతో ఫోనులో మాట్లాడటం. వీటిలో దేన్నీ మార్చనక్కర లేదు. కంప్యూటర్ తెర ముందు కూర్చోవచ్చా అన్న సందేహం మీకు రావచ్చు. మినుకుమినుకుమనే వెలుతురుకు ఫిట్స్ వచ్చేది ఈ వ్యాధి ఉన్న నూటికి ముగ్గురికి మాత్రమే. ఈఈజీ తీసేటప్పుడు మెరిసే లైటు పెట్టి పరీక్షించారు, ఈమెకు ఆ ఇబ్బంది లేదు. మూడో వరుసలో నెలల తరబడి కొట్టుకుంటున్న ట్యూబు లైటును మార్చమని అడగడానికి మాత్రం ఆమె వ్యాధి అవసరం లేదు, మా అందరి తలనొప్పి చాలు.

మార్చవలసినవి మూడే. మొదటిది ఎత్తు. పై అరల స్టాకు లెక్కించడానికి ఆమె నిచ్చెన ఎక్కుతారు. అక్కడ అర నిమిషం స్పృహ తప్పితే ఏమవుతుందో నేను రాయనక్కర లేదు. డాక్టరు చెప్పే వరకు నిచ్చెన, ఫోర్క్‌లిఫ్ట్ రెండూ వద్దు. పై అరలు నేను లెక్కిస్తాను, ఆమె కింద నిలబడి రిజిస్టరులో రాస్తారు. ఇద్దరం కలిసి చేస్తే ఒకరు చేసిన దానికంటే తప్పులు తక్కువ వస్తాయని ఈ రెండు వారాల్లో చూశాం.

రెండోది వాహనం. రెండో గోడౌనుకు వారానికి రెండుసార్లు ఆమె ఆఫీసు వాహనం నడుపుకుంటూ వెళతారు. అది వెంటనే ఆపాలి. ఇందులో బేరం లేదు, ఆమె కూడా అదే అంటున్నారు. తన ద్విచక్ర వాహనం తాళాలు కూడా ఇంట్లో ఇచ్చేశారు. అక్కడికి సరుకు తీసుకువెళ్లే బండి ఎలాగూ రోజూ ఉదయం బయలుదేరుతుంది. డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లేలా ఆమె వంతును ఆ రోజులకు మార్చితే సరిపోతుంది. మళ్లీ నడపడం ఎప్పుడన్నది డాక్టరు చేతిలోనూ రవాణా నియమాల చేతిలోనూ ఉంది, మన చేతిలో లేదు.

మూడోది రాత్రి షిఫ్టు. ఫిట్స్‌ను రెచ్చగొట్టే వాటిలో మందు మానేయడం ఒకటి, నిద్ర చాలకపోవడం ఇంకొకటి. మూడు వారాలకోసారి పగలూ రాత్రీ తారుమారయ్యే మన పద్ధతి నిద్రనూ చెడగొడుతుంది, మందు వేళనూ చెడగొడుతుంది. ఆమెను పగటి షిఫ్టులోనే ఉంచమని కోరుతున్నాను. ఆమె రాత్రులను నేనూ, మా విభాగంలోని మరో ఇద్దరూ పంచుకుంటాం. వారితో మాట్లాడాను, కారణం మాత్రం చెప్పలేదు, వారూ అడగలేదు. రాత్రి భత్యం పోతే ఆమె నెల జీతం తగ్గుతుంది. వైద్య కారణంతో చేసే మార్పు కాబట్టి కనీసం మూడు నెలల పరీక్ష వరకు ఆ మొత్తాన్ని తగ్గించకుండా ఉండగలరేమో ఆలోచించండి. ఇది ఆమె కొట్టేయమన్న వాక్యాల్లో ఒకటి. బతిమాలి ఉంచాను.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. టాయిలెట్ తలుపుకు లోపలి గడియ బదులు ‘లోపల మనిషి ఉన్నారు’ అని చూపే పలక పెట్టిస్తే, లోపల పడిపోయినా బయటి నుంచి తెరవవచ్చు. గోడౌను లోపలికి ఒంటరిగా వెళ్లేటప్పుడు ఫోను వెంట ఉంచుకుంటారు. ఫిట్స్ వచ్చిన రోజు కాసేపు పడుకోవడానికి రికార్డుల గది చాలు. ఆ తరువాత ఇంటికి వెళ్లాలా, పని కొనసాగించాలా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వాలి. ఇంటికి వెళితే మాత్రం ఎవరైనా తోడు వెళ్లాలి.

ఆమె పక్కన పనిచేసే ఒకరిద్దరికి ఏం చేయాలో తెలిసి ఉండటం అన్నిటికంటే అవసరం. ఆ రోజు ఒకరు ఆమె పళ్ల మధ్య స్పూను పెట్టబోయారు, ఇంకొకరు కాళ్లు అదిమి పట్టుకున్నారు. మంచి మనసుతోనే చేశారు, కానీ రెండూ తప్పే. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, బలవంతంగా పట్టుకోకూడదు. గట్టి వస్తువులు పక్కకు జరిపి, తల కింద మెత్తటిది ఉంచి, ఫోనులో సమయం చూసుకోవాలి. కొట్టుకోవడం ఆగాక పక్కకు ఒత్తిగిలేలా తిప్పి, పూర్తిగా తెలివి వచ్చే వరకు దగ్గరే ఉండాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది మొదలైనా, దెబ్బ తగిలినా, ఊపిరి సరిగా ఆడకపోయినా వెంటనే అంబులెన్సును పిలవాలి. ఇవేవీ లేనప్పుడు ప్రతిసారీ ఆస్పత్రికి పరుగెత్తనక్కర లేదని డాక్టరు గారి పత్రంలోనూ ఉంది. చూపు నిలిచిపోయే రకం వచ్చినప్పుడైతే పట్టి కుదపకుండా, మెట్ల వైపో యంత్రాల వైపో వెళుతుంటే మెల్లగా దారి మళ్లిస్తూ, నెమ్మదిగా మాట్లాడితే చాలు.

ఈ విషయం మీకూ, సిబ్బంది విభాగంలో ఒకరికీ, ప్రథమ చికిత్స బాధ్యుడికీ తప్ప మరెవరికీ తెలియకూడదని సరళ గారి కోరిక. మిగతావారికి తనకు వీలైనప్పుడు, తనకు తోచినంత తానే చెబుతారు. కాబట్టి ఈ లేఖను ఆమె ఫైలులో మూసిన కవరులో ఉంచమని మనవి.

మరొక్క మాట. ఆమెను పూర్తిగా ముందు గదిలో, సందర్శకుల పుస్తకం దగ్గర కూర్చోబెడితే సురక్షితంగా ఉంటుందన్న ఆలోచన ఒకటి విభాగంలో తిరుగుతోందని విన్నాను. నిచ్చెన తీసేయమని అడుగుతున్నాం. పదకొండేళ్లుగా ఆమె నడుపుతున్న స్టాకు లెక్కను తీసేయమని అడగడం లేదు. ఏ అరలో ఏముందో రిజిస్టరు చూడకుండా చెప్పగలిగిన మనిషి మన దగ్గర ఆమె ఒక్కరే, ఆ జ్ఞాపకానికి ఏమీ కాలేదు. గత సోమవారం నేను మూడుసార్లు వెతికి దొరకలేదన్న పెట్టెను ఆమె కుర్చీలోంచి లేవకుండానే చూపించారు.

గురువారం షిఫ్టు ముగిశాక ఒక అరగంట సమయం ఇస్తే సరళ గారు, నేను వచ్చి కలుస్తాం. వచ్చే నెల షిఫ్టుల పట్టిక శుక్రవారం ఖరారవుతుంది కాబట్టి అంతకుముందే మాట్లాడుకోవడం నయం. నా పేరును ఆమె రెండు రాత్రి వారాల్లో ఇప్పటికే పెన్సిలుతో రాసి ఉంచాను.

ఇట్లు,
మీ విధేయుడు,
రఘు
స్టాకు విభాగం

జతపరచినది: న్యూరాలజిస్టు ఇచ్చిన పత్రం నకలు