ఫార్ములాల డబ్బా: మార్చి 20 నుంచి మే 18 దాకా

తమ్ముడూ,

నాన్న ఒంగోలు వచ్చి వెళ్లేటప్పుడు నేను ఇచ్చి పంపిన చెప్పుల డబ్బా తెరిచే ఉంటావు. అందులో తెల్ల చార్ట్ కత్తిరించిన 240 కార్డులున్నాయి. మధ్యలో అడ్డంగా నిలబెట్టినవి బాబాయి వాళ్లింటి పెళ్లిలో మిగిలిన శుభలేఖలు. వాటి మీద 1 నుంచి 31 దాకా అంకెలు వేశాను, అవి నెలలో తేదీలు. కార్డుల మీద ఏమీ రాయలేదు. అది నువ్వే రాయాలి. నేను రాసిస్తే అది నా జ్ఞాపకం అవుతుంది.

మొన్న ఫోన్‌లో అన్నావు కదా, "అక్కా, రోజూ ఫార్ములా బుక్ మొత్తం ఒకసారి తిరగేస్తున్నా, అయినా ఈఏపీసెట్ గ్రాండ్ టెస్ట్‌లో గుర్తుకు రావట్లేదు" అని. నేనూ ఆ పనే చేశాను. నా ఎంట్రన్స్‌కి ముందు రెండు రాత్రులు నోట్స్ అంతా నాలుగుసార్లు చదివాను. చదువుతుంటే ప్రతి లైనూ తెలిసినట్టే ఉంది. పరీక్షలో హైపర్‌బోలాకి స్పర్శరేఖ నియమం అడిగితే ప్లస్సా మైనస్సా తేలక, దీర్ఘవృత్తానిది రాసి వచ్చాను. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. ఈ డబ్బా రెండో దాని కోసం.

పద్ధతి ఇది. ఒక ఫార్ములా నేర్చుకున్నాక మర్నాడు ఒకసారి, ఆ తర్వాత 3 రోజులకి, తర్వాత 7 రోజులకి, తర్వాత 16 రోజులకి చూస్తావు. మధ్యలో దాన్ని ముట్టుకోవు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని మూడక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కలు రాసుకుని 1885లో అచ్చువేయించాడు. మరుపు మొదట్లో వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మొదటి గడువు ఒక్క రోజు, చివరిది రెండు వారాల పైన. కొంచెం మర్చిపోయే దశలో తంటాలు పడి గుర్తు తెచ్చుకుంటేనే గట్టిపడుతుంది. నిన్న చూసింది ఇవాళ కూడా చూస్తే సుఖంగా ఉంటుంది కానీ పెద్దగా మిగలదు.

నాన్న రొయ్యల చెరువు దగ్గర చూశావు కదా. మేత చల్లి ఊరుకోడు, కాసేపయ్యాక చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తాడు. మిగిలితే తర్వాతి పూట మేత తగ్గిస్తాడు, ఖాళీగా ఉంటే పెంచుతాడు. కార్డు నీ చెక్ ట్రే. అది చెప్పేదాన్ని బట్టే తర్వాతి తేదీ.

కార్డు ఎలా రాయాలో ఒకటి రాసి చూపిస్తా. ముందు వైపు: "y = mx + c అనే రేఖ హైపర్‌బోలాకి స్పర్శరేఖ కావాలంటే?" వెనక వైపు:

c² = a²m² − b²

దాని కింద చిన్నగా "x²/a² − y²/b² = 1 అయినప్పుడు" అని రాయి. ఆ షరతు రాయని కార్డు సగం కార్డే. ఫిజిక్స్‌లో ఇది ఇంకా ముఖ్యం. R = u² sin2θ / g అని రాసి, "విసిరిన ఎత్తులోనే కింద పడితేనే" అని రాయకపోతే, మేడ మీంచి విసిరిన బంతికి కూడా అదే వాడేస్తావు. కెమిస్ట్రీలో E = E° − (0.059/n) log Q పక్కన "298 K దగ్గర" అని ఉండాలి.

వెనక వైపు మూలలో రాసిన తేదీ వెయ్యి. మార్చి 24న రాశావనుకో. కార్డుని 25 వెనక పెట్టు. 25న పొద్దున తీసి, ముందు వైపు చదివి, రఫ్ పేపర్ మీద పెన్నుతో రాసి, అప్పుడు తిప్పు. మనసులో అనుకుని తిప్పితే లెక్కలోకి రాదు. సరిగ్గా రాస్తే 28 వెనక్కి వెళ్తుంది. 28న వస్తే ఏప్రిల్ 4కి, అదీ వస్తే ఏప్రిల్ 20కి. పెద్ద గడువు 16 రోజులే కాబట్టి 31 శుభలేఖలు చాలు, నెల మారినా తికమక ఉండదు.

తప్పు రాస్తే కార్డు రేపటికి వెళ్తుంది, మళ్లీ 1, 3, 7 అని మొదటి నుంచి. వచ్చింది కానీ అర నిమిషం తల గోక్కున్నావంటే గడువు పెంచకు, ఇంతకుముందు ఎన్ని రోజులో అన్ని రోజులే ఇంకోసారి. ఇక్కడ నిన్ను నువ్వు మోసం చేసుకోవడం చాలా తేలిక. "ఆ, ఇది నాకు తెలుసులే, గుర్తు ఒక్కటే పోయింది" అనిపిస్తుంది చూడు, అది తప్పే. గుర్తు పోతే మార్కు పోయినట్టే.

ఒకే కార్డు మూడుసార్లు తప్పిందంటే కార్డులోనే లోపం ఉంది. చించేసి, రెండుగా విడగొట్టి కొత్తగా రాయి. లేదా ఆ ఫార్ములా ఎలా వచ్చిందో వెనక రెండు లైన్లు చేర్చు.

ఇప్పుడు లెక్క. రోజుకి 8 కొత్త కార్డులు: మ్యాథ్స్ 4, ఫిజిక్స్ 2, కెమిస్ట్రీ 2. పరీక్షలో 160 ప్రశ్నలు 80, 40, 40గా వస్తాయి కాబట్టి అదే నిష్పత్తి. 30 రోజుల్లో 240 అయిపోతాయి, అంటే ఏప్రిల్ 18తో. ఆ రోజు రాసిన కార్డు 19, 22, 29 దాటి మే 15న నాలుగోసారి వస్తుంది. తర్వాత పరీక్షకి మూడు రోజులే ఉంటాయి. అందుకే ఏప్రిల్ 18 తర్వాత కొత్త కార్డు రాయొద్దు. ఎవరైనా ఫ్రెండ్ ఏదో షార్ట్‌కట్ ఫార్ములా పంపితే చదువుకో, డబ్బాలో మాత్రం పెట్టకు.

మార్చి 20 నుంచి 29 దాకా: మ్యాథ్స్‌లో త్రికోణమితి, సరళరేఖలు, వృత్తాలు, శాంకవాలు. ఫిజిక్స్‌లో గతిశాస్త్రం, భ్రమణం. కెమిస్ట్రీలో పరమాణు నిర్మాణం, పదార్థ స్థితులు. మార్చి 30 నుంచి ఏప్రిల్ 8 దాకా: అవకలనం, సమాకలనం, ఉష్ణం, తరంగాలు, థర్మోడైనమిక్స్, సమతాస్థితి. ఏప్రిల్ 9 నుంచి 18 దాకా: సదిశలు, సంభావ్యత, సంకీర్ణ సంఖ్యలు, విద్యుత్తు, ఆధునిక భౌతికశాస్త్రం, ద్రావణాలు, విద్యుత్ రసాయనం, రసాయన గతిశాస్త్రం. ఆ రోజు లెక్కలు చేసిన చాప్టర్ నుంచే కార్డు రాయి. ఒక్క లెక్కలో కూడా వాడని ఫార్ములాకి కార్డు రాస్తే అది ఫోన్ నంబర్ బట్టీ పట్టినట్టే.

ఒకదానిలాగా ఒకటి ఉండేవాటితో జాగ్రత్త. ∫dx/(x² − a²), ∫dx/(a² − x²) రెండూ ఒకే రోజు రాయకు. ఒకటి ఏప్రిల్ 2న, రెండోది 7న. స్పర్శరేఖ నియమాలూ అంతే. పరావలయానికి c = a/m, దీర్ఘవృత్తానికి c² = a²m² + b², హైపర్‌బోలాది పైన రాశాను. మూడూ విడివిడిగా రెండుసార్లు చూశాక, "మూడింటికీ తేడా రాయి" అని ఒక్క కార్డు వేసుకో. ఘన గోళానికి (2/5)MR², బోలు గోళానికి (2/3)MR² కూడా ఇదే జాతి.

భారం ఎప్పుడు పెరుగుతుందో ముందే చెప్తా, అప్పుడు భయపడవు. మొదటి వారం పొద్దున పది నిమిషాల పని. మార్చి 31 నుంచి రోజుకి 24 పాతవి వస్తాయి. ఏప్రిల్ 16 నుంచి 19 దాకా నాలుగు రోజులు 32 పాతవి, తప్పినవి అదనం. అదే ఎక్కువ. టెన్షన్ పడకు, అరగంటా నలభై నిమిషాలు. తర్వాత దానంతట అదే దిగుతుంది. ఏప్రిల్ 23 నుంచి రోజుకి 16, ఏప్రిల్ 30, మే 1న ఎనిమిదే. ఆ ఖాళీలో, అంటే మే 2 నుంచి, మొదటి 14 రోజుల కార్డులని ఇంకోసారి చూడాలి. లేకపోతే అవి పరీక్ష దాకా నెల రోజులు ఎండిపోతాయి. నాలుగోసారి వచ్చాక వాటిని ఇంకో 16 రోజుల తర్వాతి తేదీ వెనక పెట్టు. మార్చి 20 కార్డు ఏప్రిల్ 16న వస్తుంది, అక్కడి నుంచి మే 2కి వెళ్తుంది. ఏప్రిల్ 3 నుంచి రాసినవాటికి ఇది అక్కర్లేదు, చివరి మూడు రోజులే వాటి ఐదోసారి.

మేలో తప్పే కార్డులకి పూర్తి వరస పట్టదు. మే 4 లోపు తప్పితే 1, 3, 7 రోజులు పెట్టి ఆపెయ్. 5 నుంచి 11 మధ్య తప్పితే 1, 3. మే 12 నుంచి తప్పినవి అద్దానికి అతికించి రోజూ చూడు. అవి పదీ పదిహేనుకి మించి ఉండవు.

ఏప్రిల్ రెండో వారంలో అత్త వాళ్ల గృహప్రవేశానికి ఇందుకూరుపేట వెళ్లాలని అమ్మ చెప్పింది. వెళ్లు. ఒక రోజు తప్పితే కొంప మునగదు. తిరిగొచ్చాక ముందు పాతవి చెయ్యి, ఆ రోజు కొత్తవి మానెయ్. రెండు రోజులవి కలిపి 50 దాటితే మిగిలినవి రేపటికి తోసెయ్. ఆలస్యంగా చూసినా వచ్చిందంటే మంచిదే, నిజంగా గడిచిన రోజులు లెక్క వేసుకుని తర్వాతి గడువుకి పంపు. వచ్చేశాక ఒక్క రాత్రిలో అన్నీ సరిచేద్దామని మాత్రం కూర్చోకు, అక్కడే అందరూ డబ్బా అటక మీద పెట్టేస్తారు.

ఫోన్‌లో Anki పెట్టుకుంటానన్నావు. మంచి యాపే, తేదీల లెక్క అదే చూసుకుంటుంది. కానీ ఫార్ములా వేలితో నొక్కేది కాదు, రాసేది. పైగా నువ్వు ఫోన్ తీస్తే Ankiలో ఎంతసేపుంటావో నాకు తెలుసు.

వేళలు: పాతవి పొద్దున ఆరింటికి, టిఫిన్ కంటే ముందు. కొత్తవి రాత్రి ఎనిమిదింటికి డాబా మీద. ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నం కావలిలో బుర్ర పనిచెయ్యదు, ఆ టైంలో పడుకో. డబ్బా లోంచి తీసిన కార్డులని పేకముక్కల్లా కలుపు. సబ్జెక్టు వారీగా సర్దితే పక్క కార్డే జవాబు అందిస్తుంది, పరీక్షలో పక్క కార్డు ఉండదు.

మే 16, 17, 18: రోజుకి 80 చొప్పున మొత్తం 240 ఒక చుట్టు. ఇప్పుడు గడువులు లేవు, తప్పినవి అదే సాయంత్రం మళ్లీ. పరీక్ష స్లాట్ ఒక రోజు ముందుకి జరిగినా భయం లేదు, మూడు రోజులది రెండు రోజుల్లో 120 చొప్పున చేసెయ్యొచ్చు.

18 సాయంత్రం ఆరింటికి డబ్బా అమ్మకి ఇచ్చెయ్యి. ఎంత అడిగినా తిరిగి ఇవ్వొద్దని చెప్పాను. బీరువాలో పెట్టి తాళం వేస్తానంది.

నీ అక్క