మోటారు గ్యారంటీ కార్డు: ముందు, వెనక

అన్నా, నువ్వు పంపిన రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూసి, ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను, అచ్చుతప్పులు కూడా దిద్దలేదు, రేపు తాడిపత్రి షాపులో ఎవరన్నా మాట మారిస్తే కార్డుతో సరిపోవాలి కదా. పెన్నుతో రాసినవి కొటేషన్లలో ఉన్నాయి, బ్రాకెట్లలోవి నా మాటలు. కంపెనీ పేరు, షాపు పేరు మాత్రం వదిలేశాను, మన గ్రూపులో ఎందుకులే అని.

ముందు వైపు

గ్యారంటీ కార్డు
బోరు సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టు

హెచ్‌పీ: "7.5"
స్టేజీలు: "10"
త్రీ ఫేజ్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్
మోటారు నంబరు: "40718" (చివరిది 8 అనుకుంటా, 3 కూడా కావచ్చు, మోటారు మీద ప్లేటు చూడు)
ఫ్యాక్టరీ నుండి పంపిన తేది: "20-10-202" (చివరి అంకె మీద షాపు స్టాంపు సిరా పడింది, 2నో 3నో తెలీడం లేదు)
అమ్మిన తేది: "12-2-2024"

18 నెలల గ్యారంటీ* (ఎర్రగా, కార్డులో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు, పక్కన చుక్క మాత్రం చీమ తలంత)

వెనక వైపు

షరతులు
1. తయారీ లోపములకు మాత్రమే గ్యారంటీ వర్తించును.
2. బోరులో నీరు లేకుండా నడిపినందువలన, ఇసుక వలన, రెండు ఫేజుల మీద నడిచినందువలన, వోల్టేజి హెచ్చుతగ్గుల వలన వైడింగు కాలినచో (అట్లే అచ్చయింది, వైండింగు) గ్యారంటీ లేదు.
3. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటరు గల స్టార్టరు తప్పనిసరి.
4. కంపెనీ మెకానిక్కు గాక ఇతరులు మోటారు విప్పినచో గ్యారంటీ రద్దగును.
5. పంపు బోరు నుండి తీయుట, దించుట, రవాణా ఖర్చులు కొన్నవారివే.
6. కేబులు, జాయింట్లు, బుష్షులకు గ్యారంటీ లేదు.

(అడుగున గీత కింద, సగం మడతలో పోయింది, నాలుగుసార్లు చూసి పట్టుకున్నాను)
*అమ్మిన తేది నుండి 12 నెలలు లేదా ఫ్యాక్టరీ నుండి పంపిన తేది నుండి 18 నెలలు, ఏది ముందు ముగిసిన అంతవరకే.

అంటే అన్నా, నువ్వు అనుకున్నట్టు కొన్నప్పటినుంచి 18 నెలలు కాదు. ఆ మాసిన అంకె 3 అయితే 2025 ఫిబ్రవరి 12 దాకా గ్యారంటీ ఉంది, మొన్న 2024 శ్రావణంలో కాలిన మోటారుకు వస్తుంది. 2 అయితే 2024 ఏప్రిల్ 20కే అయిపోయింది, షాపోడు దాన్నే పట్టుకుంటాడు. ఆ మూల ఒక్కటీ ఎండలో పెట్టి, ఫ్లాష్ లేకుండా, దగ్గరగా ఇంకో ఫొటో తియ్. అంతవరకు మన ఊరి మెకానిక్కు చేత మోటారు విప్పించొద్దు, నాలుగో షరతు చూశావు కదా.