పేపర్ 118: రిలేటెడ్ వర్క్ సెక్షన్ మీద అనుమానం, రిబటల్ మొదలయ్యేలోపు మీరు చూడాలి

మేడమ్ నమస్తే,

118 కి నేను రివ్యూయర్ 2. రోమన్ లిపిలో టైప్ చేసిన తెలుగుని తెలుగు లిపిలోకి మార్చే మోడల్ గురించిన పేపర్ అది. నా రివ్యూ రాసేశా కానీ ఇంకా సబ్మిట్ కొట్టలేదు, డ్రాఫ్ట్ లోనే ఉంచా, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది ఆథర్స్ కి కనిపించే బాక్స్ లో రాయాల్సింది కాదు, ముందు మీకు చెప్పాల్సింది. రెండో సెక్షన్, అంటే రిలేటెడ్ వర్క్, ఆథర్స్ ఆ పేపర్లు చదివి రాసింది కాదని, ఏదో చాట్‌బాట్ ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టేశారని నాకు గట్టి అనుమానం. రుజువు ఉందా అంటే రాసిందెవరో నేను రుజువు చెయ్యలేను. కానీ అందులో ఉన్న తప్పులు మాత్రం ఎవరైనా తెరిచి చూసుకోగలిగినవే.

డిస్కషన్ లో ఇంకో రివ్యూయర్ గారు "భాష చూస్తేనే తెలిసిపోతోంది, రిజెక్ట్ చేద్దాం" అని రాశారు, మీరూ చూసే ఉంటారు. నాకూ చదవగానే అలాగే అనిపించింది, ప్రతి పేరా ఒకే పొడుగు, ప్రతి పేరా చివర "అయినప్పటికీ ఈ దిశలో మరింత పరిశోధన అవసరం" అనే వాక్యం. కానీ మేడమ్, భాషని బట్టి ఎవర్నీ దోషిగా నిలబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మన దగ్గర పేపర్లు వేసేవాళ్ళలో చాలామంది తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఉంటారు, ఇంగ్లీష్ లో నేర్చుకున్న నాలుగు వాక్యాల అచ్చులోనే అన్నీ పోసి రాస్తారు, అది మెషీన్ రాత లాగే కనిపిస్తుంది. ఆ పిల్లల్ని ఇలాంటి మాట ఒక్కటి చాలు, ఫీల్డ్ నుంచే పంపించెయ్యడానికి.

అందుకే డిటెక్టర్ లో వేసి చూద్దాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి ఆపండి. ఓపెన్‌ఏఐ వాళ్ళే 2023 జనవరిలో సొంత డిటెక్టర్ ఒకటి వదిలి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జులైలో తీసేశారు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అదే 2023 లో ఏడు డిటెక్టర్లని పరీక్షిస్తే, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున సగానికి పైగా మెషీన్ రాసినవే అని చెప్పాయి, అవన్నీ మనుషులు సొంతంగా రాసినవి. పైగా పబ్లిష్ కాని పేపర్ ని బయట వెబ్‌సైట్ లోకి అప్‌లోడ్ చెయ్యడం అంటే మన కాన్ఫిడెన్షియాలిటీని మనమే తుంగలో తొక్కినట్టు. నేను ఎక్కడా వెయ్యలేదు, ఎవర్నీ వెయ్యనివ్వకండి.

నేను చేసిందల్లా ఆ సెక్షన్ లో ఉన్న 14 రిఫరెన్సులూ ఒక్కొక్కటే తెరిచి, పేపర్ లో చెప్పిన మాట అక్కడ ఉందా లేదా చూడటం. తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి. ఐదు లేవు.

మొదటిది దక్షిణ డేటాసెట్. ఇది 21 భాషలకి 2.6 కోట్ల జతలు ఇచ్చిందని రాశారు. దక్షిణ లో ఉన్నవి 12 భాషలు, తెలుగు వాటిలో ఒకటి, ఒక్కో భాషకి వికీపీడియా టెక్స్టు, ఒక రోమనైజేషన్ లెక్సికాన్, పది వేల వాక్యాలు రెండు లిపుల్లో. ఆ 21, ఆ 2.6 కోట్లు అక్షరాంతర్ వి. రెండు వేర్వేరు డేటాసెట్లని కలిపి ఒకటి చేసేశారు. దీన్ని ఒక్కదాన్నే చూస్తే కంగారులో జరిగిన పొరపాటు అనుకోవచ్చు, నేనూ అనుకునేవాణ్ణి, కానీ ఇదే పేపర్ నాలుగో సెక్షన్ లో వాళ్ళు ట్రైనింగ్ చేసింది దక్షిణ మీదే, అక్కడ సైజులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. డేటా తెరిచి వాడినవాళ్ళు రెండు పేజీల ముందు దాన్ని అలా ఎలా వర్ణిస్తారు?

రెండోది మ్యూరిల్. రోమన్ తెలుగుని ఇన్‌పుట్ గా తీసుకుని తెలుగు లిపిలో అవుట్‌పుట్ రాసే మోడల్ అని చెప్పారు. మ్యూరిల్ బర్ట్ తరహా ఎన్‌కోడర్, 17 భాషలు, లిపి మార్చిన టెక్స్టు కూడా దాని ట్రైనింగ్ లో వాడారు, అంతవరకే. అది దేన్నీ అవుట్‌పుట్ గా రాయదు. ట్రైనింగ్ లో ట్రాన్స్‌లిటరేషన్ ఉంది అన్న మాటని పట్టుకుని ట్రాన్స్‌లిటరేషన్ చేస్తుంది అని అల్లేసినట్టుంది.

మూడు, నాలుగు అసలు లేని పేపర్లు. ఒకటి 2020 ఈఎమ్‌ఎన్‌ఎల్‌పీ అని ఇచ్చారు, ఏసీఎల్ ఆంథాలజీలో ఆ టైటిల్ లేదు, ఇచ్చిన డీఓఐ నొక్కితే క్వశ్చన్ ఆన్సరింగ్ మీద ఇంకెవరిదో పేపర్ తెరుచుకుంటోంది. ఆథర్స్ గా ఇచ్చిన ముగ్గురూ ఈ ఫీల్డ్ లో నిజంగా ఉన్నవాళ్ళే, కానీ ముగ్గురి పబ్లికేషన్ లిస్టుల్లోనూ అలాంటిది లేదు. రెండోది ఆర్కైవ్ ప్రీప్రింట్ అని, సంవత్సరం 2019 అని రాశారు, కానీ నంబర్ `2305.` తో మొదలవుతోంది. ఆర్కైవ్ నంబర్ లో మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, నెల కదా, అంటే అది 2023 మే లో పెట్టింది అయ్యుండాలి, 2019 ది అవ్వడానికి వీల్లేదు. ఆ నంబర్ తెరిస్తే మెడికల్ ఇమేజింగ్ పేపర్ వస్తోంది.

ఐదోది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది. తెలుగు ట్రాన్స్‌లిటరేషన్ లో ప్రధాన సమస్య ష్వా డిలీషన్ అని, అంటే పదం చివరి అకారం పలకకుండా పోవడం అని ఒక పేరా అంతా ఉంది, దానికి ఒక పేపర్ ని సైట్ చేశారు. ఆ పేపర్ ఉంది, బాగుంటుంది కూడా, కానీ అది హిందీ గురించి. హిందీలో "రామ" అని రాసి "రామ్" అంటారు, అక్కడ అది పెద్ద సమస్యే. మనది అజంత భాష, చివరి అచ్చు పలుకుతాం. తెలుగు వచ్చినవాడు ఎవడూ ఆ పేరా రాయడు మేడమ్.

మరి ఈ ఆథర్స్ కి తెలుగు వచ్చా అంటే, అద్భుతంగా వచ్చు. ఐదో సెక్షన్ లో ఎర్రర్ అనాలిసిస్ చూడండి. `cheppanu` అని టైప్ చేస్తే అది "చెప్పాను" అవ్వచ్చు, "చెప్పను" అవ్వచ్చు, ఒకటి చెప్పేశానని, ఇంకొకటి చెప్పనే చెప్పనని, దీర్ఘం తేడాతో అర్థం తిరగబడిపోతుంది, మోడల్ పక్క పదాలు చూసి ఏది ఎంచుకుంటోంది, ఎక్కడ బోల్తా పడుతోంది అని ఉదాహరణలతో రాశారు. `kallu` కి కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ తీసుకుని టేబుల్ వేశారు. ఇది చదువుతుంటే నాకు నిజంగా సంతోషం వేసింది, ఈ పని ఎవరో ఒకరు శ్రద్ధగా చెయ్యాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా. ఇంత తెలిసిన చెయ్యి ఆ ష్వా పేరా రాయదు. నా అనుమానానికి అసలు ఆధారం ఇదే, ఇంగ్లీష్ స్టైల్ కాదు.

కొన్నిటిని నేను లెక్కలోకి తీసుకోలేదు, అదీ చెప్తా. అక్షరాంతర్ ని 2022 అని సైట్ చేశారు, ఫైండింగ్స్ లో వచ్చింది 2023 లో, ప్రీప్రింట్ సంవత్సరం వేసుకోవడం అందరూ చేసేదే. ఇద్దరు ఆథర్ల పేర్లలో ఇంటిపేరు, అసలు పేరు తారుమారయ్యాయి, మన పేర్లతో బిబ్‌టెక్ ఎప్పుడూ చేసే గోలే అది. ఇలాంటివి కూడా లిస్టులో చేరిస్తే అసలు విషయం పలచబడిపోతుంది.

రూల్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఐసీఎమ్‌ఎల్ వాళ్ళు 2023 లో మోడల్ రాసిన టెక్స్టే వద్దన్నారు, సొంతంగా రాసుకున్నది దిద్దించుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఏసీఎల్ అంత దూరం వెళ్ళలేదు, సహాయం తీసుకోండి కానీ కరెక్ట్‌నెస్ కి, సైటేషన్లకి బాధ్యత ఆథర్లదే అంది. మన కాల్ ఫర్ పేపర్స్ కూడా ఈ రెండో దారిలోనే ఉంది, భాష సరిదిద్దుకోవడం దాటితే చెప్పాలి అని. సబ్మిషన్ ఫామ్ లో ఆ ప్రశ్నకి వీళ్ళు "వాడలేదు" అని టిక్ పెట్టారు. అయితే ఆ టిక్ అబద్ధమని నేను అనను, నలుగురు ఆథర్లు ఉన్నప్పుడు ఫామ్ నింపినవాళ్ళకి సెక్షన్ రాసినవాళ్ళు ఏం చేశారో తెలిసి ఉండకపోవచ్చు, డెడ్‌లైన్ రాత్రి ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఏంటంటే, ముందు ఈ ఐదు రిఫరెన్సుల్నీ నా అనుమానం ఏంటో చెప్పకుండా ఇంకెవరికైనా, వీలైతే ఏరియా చైర్ గారికి, ఇచ్చి చెక్ చేయించండి, నా కళ్ళతోనే అందరూ చూడకూడదు. వాళ్ళకీ ఇలాగే తేలితే శుక్రవారం రిబటల్ తెరిచేటప్పుడు మీ పేరు మీద ఆథర్స్ కి ఒక ప్రశ్న పంపండి, అందులో ఏఐ అనే మాటే వద్దు. నా ఉద్దేశంలో ఇలా ఉంటే సరిపోతుంది, ఇంగ్లీష్ లో మీ పద్ధతిలో రాసుకోండి: "రెండో సెక్షన్ లోని ఈ ఐదు రిఫరెన్సుల విషయంలో రివ్యూయర్లకి వివరణ కావాలి. ఒక్కోదానికి పని చేసే లింకు, మీరు చెప్పిన మాటకి ఆధారం ఆ పేపర్ లో ఏ పేజీలో ఉందో ఇవ్వండి. సబ్మిషన్ ఫామ్ లో రాసే సాధనాల గురించి ఇచ్చిన సమాధానాన్ని మీ ఆథర్లందరూ మరోసారి చూసుకుని, మార్చాల్సింది ఉంటే మాకు తెలియజెయ్యండి." ఇలా అడిగితే నిజాయితీగా ఉన్నవాళ్ళకి బయటపడటానికి దారి ఉంటుంది, లేనివాళ్ళ దగ్గర చూపించడానికి పేజీ నంబర్ ఉండదు.

సమాధానం వచ్చేదాకా డెస్క్ రిజెక్ట్ వద్దని నా మనవి. అలాగని వదిలెయ్యమనీ కాదు. లేని పేపర్ ని ఉన్నట్టు సైట్ చెయ్యడం చిన్న విషయం కాదు, రేపు ఇది మన ప్రొసీడింగ్స్ లో వస్తే ఇంకో స్టూడెంట్ దాన్ని చూసి తన థీసిస్ లో పెట్టుకుంటాడు, తెలుగు మీద వచ్చేవే కొన్ని పేపర్లు, వాటిల్లోనే తెలుగుకి ష్వా డిలీషన్ ఉందని అచ్చయితే దాన్ని దిద్దడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో. ఆ రెండు పేపర్లు ఎక్కడివో చెప్పలేకపోతే నేను రిజెక్ట్ కే నిలబడతా, మిగతా పని ఎంత బాగున్నా సరే. చెప్పి, సెక్షన్ మళ్ళీ రాస్తామంటే, రాసింది షెపర్డింగ్ లో నేనే లైన్ లైన్ చదువుతా, ఆ టైమ్ నాకుంది.

ఇప్పటికి నా డ్రాఫ్ట్ లో స్కోర్ 3 ఇచ్చా, అది మెథడ్ కి, ఎక్స్‌పెరిమెంట్స్ కి. రెండో సెక్షన్ గురించి "సైటేషన్లు వెరిఫై చెయ్యాలి" అన్న ఒక్క లైన్ తప్ప ఇంకేమీ రాయలేదు. మీరు సరేనంటే ఇలాగే సబ్మిట్ చేస్తా, లేదు ఆగమంటే ఆగుతా. డిస్కషన్ లో "తెలిసిపోతోంది" అన్న కామెంట్ ఆథర్స్ కి కనిపించే సెట్టింగ్ లో ఉందేమో కూడా ఒకసారి చూడండి మేడమ్, ఉంటే ఈ రాత్రికే దాచండి.

ఐదు రిఫరెన్సులకీ లింకులు, స్క్రీన్‌షాట్లు, పేపర్ లో ఏ లైన్ నంబర్ దగ్గర ఉన్నాయో అన్నీ ఒక ఫైల్ లో పెట్టి జతచేశా.

ఉంటానండి,
రివ్యూయర్ 2, పేపర్ 118