దీర్ఘకాలిక గైర్హాజరుపై మన ఉన్నత పాఠశాల కార్యాచరణ

తరగతి ఉపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు:

పని దినాల్లో పదో వంతు లేదా అంతకు మించి బడికి రాని విద్యార్థిని, కారణం ఏదైనా సరే, దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కించాలి. 220 పని దినాలకు ఇది 22 రోజులు, అంటే నెలకు రెండు మూడు రోజులే కాబట్టి సులభంగా మన కంటపడదు. తరగతి సగటు హాజరు 90 శాతం దాటినా ఇద్దరు ముగ్గురు పిల్లలు మెల్లగా బడికి దూరమవుతూ ఉండవచ్చు. ఇకపై ఒక్కొక్కరి హాజరును విడిగా చూడాలి.

మన చిత్తూరు జిల్లాలో బడి తెరిచే జూన్‌లోనే తోతాపురి కోతలు ముమ్మరంగా ఉంటాయి. గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడి ట్రాక్టరుతో తండ్రి రాత్రంతా వరుసలో ఉంటే, ఇంటి దగ్గర ఆవులకు మేత వేసి, పాలు పితికి కేంద్రంలో పోసే పని తొమ్మిదో తరగతి కొడుకు మీద పడుతుంది. తల్లిదండ్రులు కూలికి బెంగళూరు వెళ్లిన ఇళ్లలో అవ్వకు జబ్బు చేస్తే పెద్దపిల్లే ఆగిపోతుంది. నెలసరి రోజుల్లో మరుగుదొడ్లలో నీళ్లు లేకపోతే ఆడపిల్లలు రారు. ఇది పూర్తిగా మన బాధ్యత.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించే కారణం తరగతి గదిలోనే ఉంది. చదవడం, భాగహారం సరిగా పట్టుబడకుండానే తొమ్మిదికి చేరిన పిల్లవాడు రోజుకు ఆరేడు గంటలు ఏమీ అర్థం కాక కూర్చుంటాడు. అతణ్ణి సోమరి అనడం అన్యాయం.

సోమవారాలు, పరీక్ష రోజులు తప్పించుకోవడం, మధ్యాహ్న భోజనం తర్వాత కనిపించకపోవడం, నోట్సు ఆగిపోవడం, స్నేహితులకు దూరంగా చివరి బెంచీకి చేరడం తొలి సంకేతాలు. ఆడపిల్ల ఉన్నట్టుండి మౌనంగా మారినా, ఇంట్లో సంబంధాల మాట వినిపించినా ఆ రోజే నాకు తెలపండి.

చెప్పకుండా ఒక్క రోజు రాకపోయినా తరగతి ఉపాధ్యాయుడు ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేయాలి. "ఎందుకు పంపలేదు?" అని నిలదీయకుండా "పిల్లవాడు బాగున్నాడా?" అని మొదలుపెట్టాలి. నెలలో మూడు రోజులు దాటితే ఇంటికి వెళ్లి మాట్లాడాలి. తిరిగి వచ్చిన విద్యార్థిని అందరి ముందు నిలబెట్టడం, బయట ఉంచడం ఈ బడిలో ఇక జరగకూడదు. తప్పిన పాఠాలను సాయంత్రం స్టడీ అవర్‌లో చెప్పాలి. చదువులో వెనకబడినవారికి తెలుగు, గణితం ప్రాథమికాంశాలను అదే సమయంలో నేర్పుదాం.

పదో వంతు దాటిన ప్రతి విద్యార్థి విషయాన్ని నెల మొదటి శనివారం కమిటీ ముందుంచుతాను. ఆరోగ్య సమస్య అయితే ఏఎన్‌ఎంకు, కుటుంబ ఇబ్బంది అయితే సచివాలయ విద్యా సహాయకులకు చెబుదాం. బాల్యవివాహం, ప్రమాదకరమైన పని అని అనుమానం వస్తే నెల సమీక్ష కోసం ఆగకుండా పిల్లల సహాయవాణి 1098కి తెలియజేయాలి. నాకు చెప్పకుండా రిజిస్టరులో ఎవరి పేరూ కొట్టివేయవద్దు.

ప్రధానోపాధ్యాయురాలు